గొలుసు కింద దాచిన ముడత

ఒంటి రంగు డ్రెస్ వేసుకున్న మనిషిని చూసి "ఏముంది, రెండు నిమిషాల్లో తయారైపోయి ఉంటావు" అనేవాళ్లని చూసినా, నాలుగు రంగులూ మూడు ప్రింట్లూ కలిపి వేసుకున్న మనిషిని చూసి "చేతికందిందల్లా తగిలించుకొచ్చింది" అనేవాళ్లని చూసినా నాకు ఒళ్లు మండుతుంది. పదేళ్లకు పైగా బట్టలు కత్తిరించి కుడుతున్నాను. రెండు పద్ధతుల్లోనూ కష్టం ఉంది. తక్కువతో సరిపెట్టుకునే మినిమలిస్టు కష్టం కత్తెర దగ్గర పడుతుంది, అన్నీ పేర్చుకునే మాక్సిమలిస్టు కష్టం అద్దం ముందు పడుతుంది. అంతే తేడా.

మొన్న జరిగిందే చెబుతాను. నా స్నేహితురాలు ఎవరో టైలరు కుట్టిచ్చిన గోధుమరంగు డ్రెస్ పట్టుకొచ్చింది. ప్రింటు లేదు, బోర్డరు లేదు, గుండీలు కూడా కనబడవు. "ఎందుకో వెలితిగా ఉందే, పెద్ద గొలుసు వేస్తే నిండుగా ఉంటుందేమో" అంది. వేసి చూపించింది కూడా. గొలుసు మీదికి కళ్లు పోతున్నాయి గానీ వెలితి అలాగే ఉంది. గొలుసు తీసేయించి, చేతులు కిందికి వదిలి మామూలుగా నిలబడమన్నాను. అప్పుడు కనబడింది. భుజం కుట్టు ఎముక చివర దాటి ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి జారి ఉంది. ఛాతీ దగ్గర మొదలైన ముడతలు రెండు పక్కలకూ ఏటవాలుగా దిగుతున్నాయి. ముందు అంచు మధ్యలో కాస్త పైకి లేచింది.

బట్టలో ముడత ఊరికే పడదు. ఎక్కడ ఇబ్బంది ఉందో అటే వేలు చూపిస్తుంది. ఇక్కడ అన్ని ముడతలూ ఛాతీ వైపే చూపిస్తున్నాయంటే, అక్కడ ఉండాల్సిన డార్ట్, అంటే ఒంటి వంపుకి తగ్గట్టు గుడ్డని కోణంగా మడిచి వేసే కుట్టు, లేదన్నమాట. డ్రెస్ చేతులు ఊడదీసి, భుజం తగ్గించి, చంక గుండ్రం మళ్లీ కత్తిరించాం. పక్క కుట్టు నుంచి రెండున్నర సెంటీమీటర్ల డార్ట్ వేశాం. డార్ట్ మింగిన మేర ముందు భాగం పక్కన పొట్టిదవుతుంది కాబట్టి అంచు కూడా విప్పి చుట్టూ సమం చేయాల్సి వచ్చింది. ఒక పూట పట్టింది. ఆ తర్వాత వేసుకుని అద్దం ముందు నిలబడితే గొలుసు మాటే ఎత్తలేదు. వెలితి అనిపించింది నగలు లేక కాదు. కట్ సరిగ్గా లేక.

మినిమలిస్టు బట్టలో కట్టే నగ. భుజం కుట్టు, డార్ట్, అంచు మడత, వీటిని దాచడానికి పువ్వూ ఉండదు, లేసూ ఉండదు. 1996లో జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్‌తో కారొలిన్ బెసెట్ పెళ్లికి డిజైనర్ నార్సిసో రోడ్రిగెజ్ చేసిన తెల్ల సిల్కు గౌను ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. లేసు, పూస, కుచ్చు ఏదీ లేని గౌను అది. కానీ దాన్ని క్రాస్‌లో, అంటే పడుగు పేకలకు ఐమూలగా కత్తిరించారు. క్రాస్‌లో కోసిన గుడ్డ తన బరువుకే సాగుతుంది, ఒక్కో చోట ఒక్కోలా సాగుతుంది. అందుకే కుట్టాక కనీసం ఒక రాత్రంతా వేలాడదీసి, అది సాగినంత సాగనిచ్చి, అప్పుడే అంచు కొలుస్తాం. ఆ ఓపిక లేకుండా అంచు మడిచేస్తే నాలుగు రోజులకే వంకరలు తిరుగుతుంది. పైగా నున్నటి సిల్కు మీద సూది తప్పిన చోటు కూడా దాగదు. అలాంటి గౌనుని "సింపుల్" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

రంగుల్లోనూ అదే కథ. ఒకటి రెండు రంగులతో సరిపెట్టుకోవడం తేలికనుకుంటారు. నల్ల కాటన్ ప్యాంటు మీద నల్ల పాలిస్టర్ చొక్కా వేసి పగటి వెలుగులోకి రండి. చాలాసార్లు ఒకటి కొంచెం ఎర్రగా, ఇంకొకటి నీలంగా కనబడుతుంది. పీచు మారితే రంగు పట్టే తీరు మారుతుంది మరి. పోనీ రంగు కలపలేకపోతే గరుకుదనంలో తేడా బాగా తెలిసేలా చేయాలి. నున్నటి నలుపు పక్కన గరుకు ఊలు నలుపు పెడితే కావాలని పెట్టినట్టుంటుంది. దాదాపు ఒకేలా ఉన్న రెండు నలుపులు పెడితే మాత్రం జత కలపబోయి కలపలేకపోయినట్టుంటుంది.

ఇక మాక్సిమలిస్టు సంగతి. ఇక్కడ చాలామంది అనుకునేదానికి తలకిందులుగా, కట్ ఎంత తేలికైతే అంత మంచిది. పెద్ద పువ్వుల గుడ్డలో ఛాతీ మీద డార్ట్ వేస్తే పువ్వు మధ్యకు చీలిపోతుంది. కుట్టు కుట్టుకీ డిజైన్ కలపాలంటే గుడ్డ బోలెడంత వృథా. అందుకని నేనైతే అలాంటి గుడ్డని వదులుగా, నిటారుగా, వీలైనంత తక్కువ కుట్లతో వదిలేస్తాను. 2024లో 102 ఏళ్ల వయసులో పోయేదాకా, తన వేషధారణతోనే పేరు తెచ్చుకున్న అమెరికన్ డిజైనర్ ఐరిస్ ఆప్ఫెల్ ఎలా తయారయ్యేవారో ఫొటోలు తీసి చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2005లో ఆవిడ బట్టలూ నగలతో ప్రదర్శన పెట్టింది. గుండ్రటి పెద్ద కళ్లద్దాలు, మోచేతి వైపు ఎగబాకే లావుపాటి గాజులు, మెడ నిండా పూసలు. కింద ఉన్న బట్ట ఆకారం మాత్రం చాలా ఫొటోల్లో తేలికగానే ఉంటుంది. బరువంతా దాని మీద పేర్చిన వాటిదే.

ఆ పేర్పుకి పద్ధతి ఉంది. అదే స్నేహితురాలికి ఇంకో రోజు కోసం కట్టిన జతతో చెబుతాను. అరచేయంత ఎర్ర పువ్వులున్న పొడుగు జాకెట్టు, పువ్వుల మధ్య ముదురాకుపచ్చ ఆకులు. మొదట దాని కింద వేరే పువ్వుల ప్యాంటు వేసింది, ఆ పువ్వులూ అరచేయంతే. రెండూ పోట్లాడుకున్నాయి. కన్ను ఎక్కడ ఆగాలో తెలియలేదు. ప్యాంటు మార్చి, ఆకుల్లో ఉన్న అదే ఆకుపచ్చతో సన్నటి నిలువు చారలున్నది వేశాం. లోపల చొక్కా మీద ఆవగింజంత చుక్కలు, పువ్వులో ఉన్న ఎరుపే. పెద్దది, నడిమిది, చిన్నది. మూడు ప్రింట్లైనా రంగులు చేతులు పట్టుకున్నాయి కాబట్టి ఒకే మాటలా వినబడ్డాయి.

కుదిరిందో లేదో చూడ్డానికి నేను ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తాను. రంగు పోయాక అంతా ఒకే బూడిద ముద్దగా కనిపిస్తే ముదురు లేత తేడా చాలలేదని అర్థం. ఆ జత మొదటి ఫొటోలో నడుము కింద అలాగే ముద్దైంది. చారల మధ్య గుడ్డ రంగు ఇంకా లేతగా ఉన్న ప్యాంటు వెతికి వేశాక విడివిడిగా తేలింది.

స్టేట్‌మెంట్ పీసుల, అంటే చూడగానే కన్ను లాగే వస్తువుల, లెక్క గురించి చాలా వాదనలు విన్నాను. మినిమలిస్టుకి ఒకటే, మాక్సిమలిస్టుకి ఎన్నైనా అంటారు. మొదటి మాట సరే, రెండోది నేను ఒప్పుకోను. ఎన్ని పెట్టినా పెద్దరికం ఒకదానిదే కావాలి. ఆ జతలో పెద్దరికం జాకెట్టుది. చేతికి ఆకుపచ్చ గాజులు ఆరు వేసినా అవన్నీ ఒక గుంపుగా, ఒకటిగానే లెక్కకొచ్చాయి. ఎర్ర చెప్పులు పువ్వుకి తోడొచ్చాయి. మెడలో నీలి రాళ్ల హారం వేసుకుంటానంది. నీలం ఆ జతలో ఇంకెక్కడా లేదు, పైగా అది సరిగ్గా జాకెట్టు మీది అన్నిటికన్నా పెద్ద పువ్వు మీదే వాలుతోంది. "ఇదొక్కటి ఉంటే ఏమవుతుందే?" అని అడిగింది. మాట్లాడకుండా రెండు ఫొటోలు తీసి పక్కపక్కన చూపించాను, హారంతో ఒకటి, లేకుండా ఒకటి. కాసేపు చూసి తనే కొక్కెం విప్పేసి పెట్టెలో పెట్టేసింది.