కష్టజీవి లూప్ పొట్ట కొట్టిన వాటాల పద్ధతి

నలభై సంఖ్యలిచ్చి, వాటిలో కొన్నింటిని కూడితే ఫలానా మొత్తం వస్తుందో రాదో చెప్పమంటే పద్ధతి గల మనిషి చేసేది ఒకటే: ఒక్కో సంఖ్యనీ తీసుకుని చూసి, వదిలేసి చూసి, మొత్తం 2^40 ఉపసమితులనీ పేరుపేరునా పలకరించడం. అవి 1,09,951 కోట్ల పైమాటే. సెకనుకి వంద కోట్ల చొప్పున చూసినా పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. దాటనివ్వండి. ఫ్యాన్ హోరెత్తుతుంది, మనం ఏదో పెద్ద పనిలో ఉన్నామని ఇంట్లోవాళ్లు నమ్ముతారు.

ఈ మర్యాదనంతా 1974లో హోరోవిట్జ్, సాహ్ని అనే ఇద్దరు చెడగొట్టారు. నలభైని ఇరవై, ఇరవైగా వాటాలేశారు. ఒక్కో వాటాలో వచ్చే మొత్తాలు 2^20, అంటే 10,48,576 మాత్రమే. రెండు జాబితాలనీ సార్ట్ చేసి, ఒకదాని మొదట్లో ఒక వేలు, రెండోదాని చివర్లో ఒక వేలు పెడతారు. కూడితే ఎక్కువైందా, రెండో వేలు వెనక్కి. తక్కువైందా, మొదటి వేలు ముందుకి.

ఉదాహరణకి 3, 8 ఒక వాటా, 5, 14 ఇంకో వాటా, కావలసింది 17 అనుకోండి. జాబితాలు 0, 3, 8, 11. 0, 5, 14, 19. 0కి 19 కలిపితే ఎక్కువ, వెనక్కి జరిగి 14 కలిపితే తక్కువ, ముందుకి జరిగితే 3+14, దొరికేసింది. పదహారు ఉపసమితుల్లో మూడింటిని చూసి లేచిపోవడం ఏం మర్యాదండీ? నలభైకైనా అంతే, సార్ట్ అయ్యాక మహా అయితే 21 లక్షల అడుగులు.

పైగా దుబారా. నా లూప్‌కి నలభై బిట్లుంటే చాలు. వీళ్లకి ఒక్కో మొత్తానికి 8 బైట్ల చొప్పున జాబితాకి 8 ఎంబీ, రెండిటికీ 16 ఎంబీ కావాలి. ఇది ఏ ఫోన్‌లోనైనా పడుతుందని నవ్వకండి, సంఖ్యలు అరవై అయితే ఒక్కో జాబితా 8 జీబీ, అప్పుడు చూస్తాను నవ్వులు. (1981లో ష్రోపెల్, షమీర్ నాలుగు వాటాలేసి, రెండు హీప్‌లు పెట్టి, జాబితాలు మొత్తంగా దాచకుండానే మొత్తాలను వరసలో తోడుకునే దారి కనిపెట్టారు. అరవైకి వాటాకి 32,768 మొత్తాలు చాలు. ఆ సంగతి నా వాదనకి అడ్డం కాబట్టి బ్రాకెట్లో పెట్టాను.)

అసలు పరువు తీసేది లెక్కపెట్టమన్నప్పుడు. నలభై సున్నాలిచ్చి, ఎన్ని రకాలుగా సున్నా వస్తుందని వాటాల ప్రోగ్రాంని అడిగాను. 10,48,576 అంది! సరిపోయిన ప్రతిసారీ రెండు వేళ్లూ ఒక్కో అడుగే జరిగాయి మరి. ఒకే విలువ ఒక జాబితాలో ఎన్నిసార్లుంది, దాని జోడీ రెండోదాంట్లో ఎన్నిసార్లుందీ లెక్కేసి గుణించాలి, అప్పుడుగానీ 2^40 రాదు.

గుణకారం పెట్టాక సెకను తిరక్కుండానే సరైన జవాబొచ్చింది. నా లూప్ పదమూడో నిమిషంలో ఉంది, ఆపడానికి మనసొప్పడం లేదు.