మాత్రకు కళ్లెం ఉంది, ఇంజెక్షన్‌కు లేదు

అండం విడుదల కావడానికి ఇచ్చే మందులన్నింటినీ మనవాళ్లు ‘గుడ్డు పెరిగే మందు’ అనే అంటారు. మాత్ర పనిచేయకపోతే ఇంజెక్షన్, అది మాత్రకన్నా బలమైనది, అంతే తేడా అనుకుంటారు. అసలు తేడా బలంలో లేదు. క్లోమిఫిన్ మాత్ర మెదడుకు చెప్పి పని చేయిస్తుంది. గొనడోట్రోపిన్ ఇంజెక్షన్ మెదడును పక్కనపెట్టి నేరుగా అండాశయంతో మాట్లాడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ మందు ఎవరికి, ఎంత, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతుంది. తెలియకపోతే నెలల తరబడి మాత్రలు వృథా అవుతాయి, లేదా ఇంజెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది.

మామూలు నెలలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మెదడులోని హైపోథాలమస్ దాదాపు గంటకో, గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆ సంకేతం అందుకుని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. నెలసరి మొదలయ్యే వేళ శరీరంలో ఈస్ట్రోజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. అండాశయంలో అండాన్ని మోసే చిన్న సంచులు, అంటే ఫాలికిల్స్, కొన్ని ఒకేసారి ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకు దూసుకుపోయి ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజన్ మెదడుకు చేరి ‘ఇక చాలు’ అంటుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతుంది. తగ్గిన ఎఫ్‌ఎస్‌హెచ్‌తోనూ బతకగలిగేది ఆ ముందున్న ఫాలికిల్ ఒక్కటే, మిగతావి ఎండిపోతాయి. నెలకు ఒకే అండం రావడానికి కారణం ఈ కళ్లెమే. ఆ తర్వాత ఈస్ట్రోజన్ బాగా పెరిగి రెండు రోజులపాటు అలాగే నిలిస్తే మెదడు తీరు మారి ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. అది మొదలైన సుమారు 36 గంటలకు అండం బయటపడుతుంది.

క్లోమిఫిన్ ఈ కళ్లెం దగ్గరే పనిచేస్తుంది. హైపోథాలమస్‌లో ఈస్ట్రోజన్ వచ్చి కూర్చునే చోట్లను తాను ఆక్రమించి, చాలాకాలం కదలకుండా ఉంటుంది. ఒంట్లో ఈస్ట్రోజన్ ఉన్నా మెదడుకు లేనట్టే కనిపిస్తుంది. దాంతో పిట్యూటరీ నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. అంటే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను క్లోమిఫిన్ తయారుచేయడం లేదు, ఆమె సొంత పిట్యూటరీ చేత తయారు చేయిస్తోంది. కాబట్టి మెదడు, పిట్యూటరీ, అండాశయం మూడూ పనిచేస్తూ ఉండాలి, ఒంట్లో కొంత ఈస్ట్రోజన్ కూడా ఉండాలి. అండాశయాల్లో చిన్న ఫాలికిల్స్ చాలా ఉండి, అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ అనే సమస్య ఉన్నవారిలో ఇవన్నీ ఉంటాయి, అందుకే మాత్ర ఎక్కువగా పనిచేసేది వారికే. బరువు మరీ తగ్గిపోయి, లేదా విపరీతమైన వ్యాయామం వల్ల నెలసరి ఆగిపోయినవారిలో హైపోథాలమస్సే మౌనంగా ఉంటుంది, ఈస్ట్రోజన్ అడుగంటి ఉంటుంది. అడ్డుకోవడానికి ఈస్ట్రోజనే లేనప్పుడు క్లోమిఫిన్ అడ్డుకునేది ఏమిటి? ఇక అండాల నిల్వ అయిపోయి ఎఫ్‌ఎస్‌హెచ్ ఇప్పటికే బాగా పెరిగి ఉన్నవారికి ఇంకా ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచే మందు వల్ల ఒరిగేదేమీ లేదు. మాత్ర రాసే ముందు ఎఫ్‌ఎస్‌హెచ్, ఒంట్లోని ప్రధాన ఈస్ట్రోజన్ అయిన ఎస్ట్రాడియోల్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలనేది ఇందుకే. భర్త వీర్య పరీక్ష కూడా అప్పుడే జరగాలి. ఆ ఒక్క పరీక్ష చేయించకుండా భార్యకు ఆరు నెలలు మాత్రలు వాడించడం నా దృష్టిలో క్షమించదగిన పొరపాటు కాదు.

మోతాదు సంగతి. నెలసరి రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టి రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్ర ఐదు రోజులు వేసుకోవాలి. చివరి మాత్ర తర్వాత సాధారణంగా ఐదు నుంచి పది రోజుల్లో అండం విడుదలవుతుంది. విడుదల కాకపోతేనే తర్వాతి నెల 100కు పెంచాలి. 50తో విడుదలై గర్భం రాకపోతే పెంచి లాభం లేదు, ఎందుకంటే మందు చేయవలసిన పని చేసేసింది. పైగా అదే మందు గర్భాశయంలోనూ ఈస్ట్రోజన్‌కు అడ్డుపడుతుంది కాబట్టి లోపలి పొర పలచబడవచ్చు, గర్భాశయ ముఖద్వారంలోని జిగురు తగ్గవచ్చు. అండం విడుదలే కాకపోవడం ఒక సమస్య, విడుదలవుతున్నా గర్భం నిలవకపోవడం మరో సమస్య. రెండింటినీ ‘మందు పడలేదు’ అనే ఒకే మాటతో తేల్చేసి మోతాదు పెంచుకుంటూ పోవడం తరచూ కనిపించే తప్పు. అండం విడుదలవుతున్నా ఆరు నెలల్లో గర్భం రాకపోతే దారి మార్చాల్సిందే. చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా ఆ రోజే మాత్ర ఆపి డాక్టర్‌కు చెప్పాలి.

విడుదలైందా లేదా తెలుసుకోవడంలోనూ రెండు చిక్కులున్నాయి. మాత్ర వేసుకుంటున్న రోజుల్లో ఎల్‌హెచ్ కూడా పెరిగి ఉంటుంది కనుక ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్ష పట్టీ లేని అండాన్ని ఉన్నట్టు చూపించవచ్చు. చివరి మాత్ర తర్వాత కనీసం మూడు రోజులు ఆగి మొదలుపెట్టాలి. రెండోది, అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్‌ను చూసే ‘21వ రోజు ప్రొజెస్టెరాన్’ పరీక్ష. 28 రోజుల నెలసరికి కట్టిన లెక్క అది. 18వ రోజున అండం విడుదలైన స్త్రీకి 21న రక్తం తీస్తే తక్కువే వస్తుంది, మందు పనిచేయలేదనుకుని మోతాదు పెంచేస్తారు. ఆమెకు రక్తం తీయవలసింది 25వ రోజున. విడుదలైన వారానికి ప్రొజెస్టెరాన్ మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే.

క్లోమిఫిన్ ఒంట్లో వారాలపాటు మిగిలిపోతుంది. మాత్ర ఆపినా మెదడు పూర్తిగా తేరుకోదు, ఎఫ్‌ఎస్‌హెచ్ కొంత ఎక్కువకాలం పైనే ఉంటుంది, రెండో ఫాలికిల్ కూడా బతికిపోవచ్చు. కవలలు పుట్టే అవకాశం పెరగడానికి కారణం ఇదే. లెట్రోజోల్ అనే మరో మాత్ర దారి వేరు. అది మెదడులోని చోట్లను ముట్టదు, ఈస్ట్రోజన్ తయారీనే కొన్ని రోజులు తగ్గిస్తుంది, త్వరగా ఒంట్లోంచి పోతుంది. కళ్లెం చెక్కుచెదరదు. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలపై జరిగిన పోలికలో బిడ్డ పుట్టినవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫిన్‌తో 19.1 శాతం. మన దేశంలో 2011 నుంచి 2017 దాకా సంతాన చికిత్సకు లెట్రోజోల్ వాడకంపై నిషేధం ఉండేది. ఆ కాలంలో క్లోమిఫిన్‌కు అలవాటుపడిన చేతులు ఇప్పటికీ దాన్నే ముందు రాస్తున్నాయంటే అర్థం చేసుకోవచ్చు కానీ, పీసీఓఎస్‌కు ఇప్పుడు మొదటి మందు లెట్రోజోలే.

ఇక ఇంజెక్షన్లు. గొనడోట్రోపిన్లంటే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లే. వయసు మీరి నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఈస్ట్రోజన్ అడ్డు పోవడంతో పిట్యూటరీ ఆపకుండా ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ వదులుతుంది, అవి మూత్రంలో పోతాయి. ఇటలీలో వయసుమళ్లిన సన్యాసినుల మూత్రం సేకరించి, ఈ రెండు హార్మోన్లూ ఉన్న హెచ్‌ఎంజీ అనే మందును మొదట తీశారు. 1962లో ఇజ్రాయెల్‌లో ఆ మందుతో బిడ్డ పుట్టింది. నేటి హెచ్‌ఎంజీ సీసాలో సాధారణంగా 75 యూనిట్ల ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పాటు 75 యూనిట్ల ఎల్‌హెచ్ ప్రభావమూ ఉంటుంది. ప్రయోగశాలలో తయారయ్యే రికాంబినెంట్ రకంలో ఎఫ్‌ఎస్‌హెచ్ మాత్రమే. హైపోథాలమస్ మౌనంగా ఉన్న స్త్రీకి ఈ తేడా చాలా ముఖ్యం. ఈస్ట్రోజన్‌కు కావలసిన ముడిసరుకు ఎల్‌హెచ్ వల్ల తయారవుతుంది, దాన్ని ఈస్ట్రోజన్‌గా మార్చేది ఎఫ్‌ఎస్‌హెచ్. ఆమెకు ఒట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ ఇస్తే స్కాన్‌లో ఫాలికిల్ చక్కగా పెరుగుతుంది, ఎస్ట్రాడియోల్ మాత్రం లేవదు, గర్భాశయ పొర పలచగానే ఉండిపోతుంది. ఆమెకు రెండూ ఉన్న మందే కావాలి.

ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు ఫాలికిల్స్ తయారుచేసే ఈస్ట్రోజన్ మెదడుకు చేరి ‘చాలు’ అని చెప్పవచ్చు. సొంత ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గవచ్చు కూడా. సూదిలోని ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గదు. ఎండిపోవలసినవన్నీ బతుకుతాయి. ఇక్కడ కళ్లెం స్కాన్ చేసే డాక్టర్ చేతిలోనే ఉంటుంది.

ఉదాహరణకు 29 ఏళ్ల స్త్రీని ఊహించండి. పీసీఓఎస్, 50 రోజులకోసారి నెలసరి, అండాల నిల్వను చూపే ఏఎంహెచ్ పరీక్షలో 9, లెట్రోజోల్ పూర్తి మోతాదుకూ అండం విడుదల కాలేదు. మూడో రోజు నుంచి రోజుకు 50 యూనిట్ల ఎఫ్‌ఎస్‌హెచ్ మొదలుపెట్టారు. పదో రోజు స్కాన్‌లో 10 మిల్లీమీటర్లు దాటినది ఒక్కటీ లేదు. అందరికీ అసహనం పుట్టేది ఈ రోజునే, రెట్టింపు చేద్దామనిపించేదీ ఇప్పుడే. అలా చేయకూడదు. సూదిలోని ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తంలో స్థిరమైన మట్టానికి చేరడానికే నాలుగైదు రోజులు పడుతుంది. పీసీఓఎస్ అండాశయంలో ఒక్కో ఫాలికిల్ మేల్కొనే ఎఫ్‌ఎస్‌హెచ్ గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఆ గీతను ఒక్క గెంతులో దాటితే ఒకటి కాదు, పది లేస్తాయి. అందుకే 14 రోజులు అదే మోతాదు కొనసాగించి, అప్పటికీ కదలిక లేకపోతే 17వ రోజున 75కు పెంచారు. 24వ రోజుకు ఒకటి 12 మిల్లీమీటర్లకు వచ్చింది. ఇప్పుడు మోతాదు ముట్టుకోరు. రోజుకు రెండేసి మిల్లీమీటర్లు పెరిగి 27వ రోజుకు 18 అయింది, మిగతావన్నీ 11 లోపే. ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ 5000 యూనిట్లు ఇస్తే, మనవాళ్లు ‘రప్చర్ ఇంజెక్షన్’ అనేది ఇదే, సుమారు 36 గంటలకు అండం బయటపడుతుంది.

అదే స్త్రీకి మొదటి రోజు నుంచే 150 ఇచ్చి ఉంటే పదో రోజుకు 15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఐదారు కనిపించేవి. అప్పుడు సరైన నిర్ణయం ఒక్కటే: హెచ్‌సీజీ ఇవ్వకుండా ఆ నెల వదులుకోవడం, కలయికకు కండోమ్ వాడమని చెప్పడం. ఇంత డబ్బు, ఇన్ని సూదులు పోయాయన్న బాధ నిజమైనదే, కానీ ముగ్గురు, నలుగురు పిల్లలు ఒకే కాన్పులో, నెలలు నిండకుండా పుట్టడం దానికన్నా పెద్ద బాధ.

ఆ స్థితిలో హెచ్‌సీజీ ఇస్తే ఇంకో ప్రమాదం ఉంది. సహజమైన ఎల్‌హెచ్ గంటల్లో రక్తం నుంచి తొలగిపోతుంది, హెచ్‌సీజీ రోజుల తరబడి ఉంటుంది. ఉబ్బిన ఫాలికిల్స్ అన్నీ కలిసి వదిలే పదార్థాల వల్ల రక్తనాళాల గోడలు కారడం మొదలై, నీరు పొట్టలోకి చేరుతుంది, రక్తం చిక్కబడుతుంది. దీన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. పొట్ట బిగుసుకోవడం, రోజుకు కిలో పైన బరువు పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం, కాలిపిక్కలో నొప్పి, ఇవి కనిపిస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజెక్షన్ తర్వాత వారంలోపే రావచ్చు. తగ్గిందనుకున్నాక, పది పన్నెండు రోజులకు మళ్లీ ముదిరితే గర్భం వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడు హెచ్‌సీజీని పిండమే తయారుచేస్తోంది. అది రోజురోజుకూ పెరిగేదే కాబట్టి ఈ రెండో విడతే ఎక్కువ కాలం ఉంటుంది.