పన్ను లెక్క కలిసింది సరే, ఆ అసెట్ నిలుస్తుందా?

ప్రైవేట్ కంపెనీల ఆడిట్ ఫైళ్లలో ట్యాక్స్ సెక్షన్ తెరిస్తే తరచూ కనిపించేది ఒకటే: లాభాన్ని రేటుతో గుణించి, తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు రాసి, టిక్ పెట్టేసి ఉంటుంది. ఖర్చు సరిపోయింది కదా అని బ్యాలెన్స్ షీట్ వైపు ఎవరూ చూడరు.

కరెంట్ ట్యాక్స్‌లో ఇది త్వరగానే దొరికిపోతుంది. ఓపెనింగ్ 80, పాత ఏడాదికి కట్టింది 72, ఈ ఏడాది ప్రొవిజన్ 60, క్లోజింగ్ 68. కూడికలు బాగానే ఉన్నాయి, కానీ ఇప్పుడు కట్టాల్సింది 60 మాత్రమే అయితే ఆ 8 ఎవరికి బాకీ? పాత ఏడాది లెక్క 72తోనే తేలిపోయి, వివాదమేమీ లేకపోతే అది అప్పే కాదు, లాభనష్టాల ఖాతాకు తిరిగి రావాలి.

అసలు తలనొప్పి పాత నష్టాల మీద పెట్టుకున్న డిఫర్డ్ ట్యాక్స్ అసెట్‌తోనే, అంటే ఆ నష్టాల వల్ల ముందుముందు తగ్గే పన్నును ఇప్పుడే ఆస్తిగా చూపడంతోనే. నష్టాలు 400, రేటు 25 శాతం, అంటే అసెట్ 100 అనుకుందాం. ఇంకోవైపు యంత్రాల మీద పన్ను లెక్కలో తరుగుదల ముందే తీసేసుకోవడంతో 120 తేడా ఉంది, అంటే లయబిలిటీ 30. ఈ 120 ముందుముందు పన్ను పడే ఆదాయంగా తిరిగొస్తుంది కాబట్టి, నష్టాలకు గడువు ఉంటే అది తీరేలోపే, అదే పన్ను శాఖ దగ్గర, ఆ నష్టాలతో సర్దుబాటు కుదిరేలా తిరిగొస్తే, 30 వరకు అసెట్‌కు ఆసరా దొరికినట్టే. పేచీ అంతా మిగతా 70 గురించే, దానికి ఇంకో 280 లాభం కావాలి.

మేనేజ్‌మెంట్ ఐదేళ్ల అంచనా ఇస్తుంది, ఏడాదికి 80 చొప్పున పన్ను లాభం 400. దానికి పై 120 కలిపి 520 ఉంది, ఢోకా లేదంటారు. ఇక్కడే ఆగి షీట్ లోపలికి వెళ్లాలి, ఎందుకంటే ఆ 80లో తరుగుదల తేడా ముందే కలిసి ఉంటే 120ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. అప్పుడు ఉన్నది సరిగ్గా 400, కావాల్సిందీ 400, ఒక్క ఏడాది కాస్త తగ్గినా చాలదు.

నేనైతే గత మూడేళ్ల బడ్జెట్లు తెప్పించి అసలు ఫలితాల పక్కన పెడతాను. మూడుసార్లూ లాభమని రాసి నష్టమే వచ్చి ఉంటే నాలుగోసారి ఎందుకు నమ్మాలి? వరస నష్టాల చరిత్ర ఉన్నప్పుడు గట్టి ఆధారం కావాలని ఆదాయపు పన్నుల అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 12 కూడా అంటుంది. సంతకాలైన ఆర్డరు ఆధారమే, మార్కెట్ పుంజుకుంటుందన్న మాట కాదు. అన్నట్టు, కంపెనీ ఇకముందూ నడుస్తుందా అని చూసే గోయింగ్ కన్సర్న్ ఫైల్‌లో ఇచ్చిన అంచనా కూడా తీసి చూడండి, అక్కడ ఒక లాభం, ఇక్కడ ఇంకో లాభం ఉండటం నేను చూశాను.

‘నష్టాలు ఎక్కడికీ పోవు కదా’ అంటారు. గడువు లేకపోతే నిజంగానే పోవు, నోట్స్‌లో గుర్తించని నష్టాలుగా చూపించవచ్చు. ఆధారం దొరకక ఆ 70 తీసేశాక అసెట్ 30, లయబిలిటీ 30, సర్దుబాటు షరతులు కుదిరితే బ్యాలెన్స్ షీట్‌లో కనిపించేది సున్నా.