సవరణ: బండి రేడియేటర్‌లో కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోశాక

"దారిలో నీళ్లు పోసినా ఫర్వాలేదు, ఇంటికొచ్చాక పైన కాస్త కూలెంట్ కలిపితే సరిపోతుంది." నా పాత పోస్టులోని ఈ మాటలో రెండో సగం తప్పు. సర్వీస్ మాన్యువల్, కూలెంట్ డబ్బా మీది సూచనలు చూశాక తెలిసింది.

6 లీటర్ల కూలింగ్ సిస్టమ్‌లో సగం కూలెంట్, సగం నీళ్లు ఉన్నాయనుకుందాం. 2 లీటర్లు కారిపోయి, అంతే నీళ్లు పోస్తే అసలు కూలెంట్ 3 లీటర్ల నుంచి 2కి పడిపోతుంది. మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, తుప్పును ఆపే రసాయనాలూ పలచబడతాయి. అది బోరు నీరైతే రేడియేటర్ సన్నని గొట్టాల్లో సున్నంలా పొర కడుతుంది. సిస్టమ్ నిండుగా ఉంటే, పైన కలపడానికి చోటే ఉండదు.

ముందు లీకు సరిచేయించండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి అంతా దించేయండి. డిస్టిల్డ్ వాటర్ నింపి, వేడెక్కాక రేడియేటర్‌కు దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక మళ్లీ దించండి. తేటగా వచ్చేదాకా ఇలాగే. ఇక్కడే చాలామంది పొరబడతారు: బ్లాకులో కొంత నీరు మిగిలిపోతుంది. అందుకే ముందుగా కలిపిన కూలెంట్ కాకుండా, నీళ్లు కలపని చిక్కటిది సిస్టమ్‌లో సగం, అంటే పై లెక్కలో 3 లీటర్లు ముందు పోసి, మిగతా డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, గాలి బయటికి పంపాలి.