బళ్ళాపురాలు రెండు, గేటు ఒకటే

లగ్నపత్రిక రాయడానికి పురోహితుడు ఉన్నాడు. విస్తళ్ళ లెక్క తేల్చడానికి వంట మేస్త్రి ఉన్నాడు. బెంగుళూరు శివారు తోటలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు దారి రాసిపెట్టే అధికారిని మాత్రం మన పెద్దలు ఏర్పాటు చేయలేదు. వాళ్ళ కాలంలో పెళ్ళి ఇంటి ముందు పందిరిలో జరిగేది. ఇల్లు తెలియనివాడిని పెళ్ళికి పిలిచేవారు కాదు. అందుచేత మా మేనకోడలి పెళ్ళికి ఆ ఖాళీ పదవిలో నన్ను నియమించారు. ఇరవై ఏళ్ళుగా బెంగుళూరులో ఉంటున్నాననీ, తెలుగు తప్పుల్లేకుండా రాస్తాననీ నాకు రెండు అర్హతలు కనిపెట్టారు. ఈ పనిలో ఆ రెండూ అక్కరకు రాలేదు.

తోట దొడ్డబళ్ళాపురం దాటాక, గౌరిబిదనూరు వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఉంది. ఆరెకరాలు. ముహూర్తం తెల్లవారుజామున 4.40కి. చుట్టాల్లో సగం అనంతపురం వాళ్ళు, కొందరు హిందూపురం వాళ్ళు, మిగిలినవాళ్ళు బెంగుళూరులోనే తలా ఒక మూల ఉంటారు. అందరూ చీకట్లో, తలా ఒక దిక్కు నుంచి, నిద్రమొహాలతో ఒకే గేటుకు చేరాలి. ఎవరూ ముందు ఆ గేటు చూసినవాళ్ళు కారు.

నా నియామకానికి ముందు ఈ శాఖను మా బావగారు, అంటే పెళ్ళికూతురి తండ్రి, స్వయంగా చూసేవారు. ఆయన తోటకు వెళ్ళి బయానా ఇచ్చి, ఇంటికి వచ్చి, భోంచేసి, కాళ్ళు చాపుకుని, మల్లేశ్వరంలోని తమ హాల్లో కూర్చుని చుట్టాల వాట్సాప్ గ్రూపులో 'లొకేషన్' పంపారు. ఫోను తానున్న చోటును పంపుతుంది గాని, యజమాని మనసులో ఉన్న చోటును పంపదు. దాని ప్రకారం పెళ్ళి బావగారి సోఫాలో జరగాలి. అది తప్పని ఎవరో చెప్పగానే రెండో రకం మీట నొక్కారు. అది మనిషి వెంట కదిలే లొకేషన్. దాని ఆయుష్షు మహా అయితే ఎనిమిది గంటలు. పెళ్ళికి ఇంకా నలభై రోజులు ఉంది. ఆ ఎనిమిది గంటలూ మా చుట్టాలు కల్యాణమండపం కూరగాయల మార్కెట్టుకు వెళ్ళడం, మంగలి దుకాణంలో అరగంట ఆగడం భక్తితో చూశారు.

తరువాత మా అన్నయ్య కొడుకు శాస్త్రీయంగా ఆలోచించి, తోట చిరునామాను సర్వే నంబరు, గ్రామం, హోబళి, తాలూకా సహితంగా మ్యాపులో టైపు చేశాడు. మ్యాపుకు గ్రామం తెలుసు, సర్వే నంబరు తెలియదు. తెలియనిది వదిలేసి తెలిసినదాని నడిబొడ్డున పిన్ను గుచ్చింది. అది ఊరి మధ్య రావిచెట్టు కట్ట. అక్కడ ఎప్పుడూ నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు. పెళ్ళివాళ్ళమని చెబితే వాళ్ళు ఆశీర్వదిస్తారు గాని, గేటు చూపించలేరు. ఆ పిన్ను కూడా గ్రూపులోకి వెళ్ళింది.

మూడో పిన్ను నాది. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే చూడటానికి ఒప్పుగా ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో తోటను వెతికి, మండపం పైకప్పును గుర్తుపట్టి, సరిగ్గా దాని మీద వేలు నొక్కిపట్టి పిన్ను దించి, గ్రూపులో పెట్టాను. ఒక ఆదివారం నా కారులోనే పరీక్షకు బయలుదేరాను. మ్యాపు నన్ను ఒక మట్టిబాట పట్టించి, ద్రాక్ష తోటల మధ్య తిప్పి, ఎనిమిదడుగుల గోడ ముందు నిలబెట్టి, మీరు గమ్యం చేరుకున్నారు అంది. అబద్ధం కాదు. గోడ అవతల ముప్పై మీటర్ల దూరంలో మండపం ఉంది, రంగు వేస్తున్నవాళ్ళ మాటలు కూడా వినిపిస్తున్నాయి. గేటు తోటకు అవతలి కొసన ఉంది. కారు వెనక్కి తిప్పి రోడ్డు మీదుగా అక్కడికి చేరడానికి మూడున్నర కిలోమీటర్లు పట్టింది.

కారణం తెలిశాక సిగ్గుపడ్డాను. మ్యాపుకు గేట్లూ గోడలూ తెలియవు. మనం గుచ్చిన బిందువుకు దగ్గరగా ఉన్న రోడ్డేదో చూసుకుని అక్కడిదాకా తీసుకువెళ్ళి చేతులు దులుపుకుంటుంది. మండపం తోట వెనక కొసన ఉంటే వెనక బాటే దానికి దగ్గర. ఈ రోగాన్ని ఇంట్లో కూర్చునే పట్టవచ్చు. దారి అడిగినప్పుడు నీలం గీత ఒకచోట ఆగిపోయి, అక్కడి నుంచి పిన్ను దాకా చుక్కలు చుక్కలుగా ఉంటే, ఆ చుక్కల మేర మీరు నడవాలనో, గోడ దూకాలనో అర్థం. పట్టుచీర కట్టుకున్నవాళ్ళకు రెండోది కష్టం.

నాలుగో పిన్ను కోసం గేటు దగ్గరికే వెళ్ళి, గేటు బయట, కారు ఆగే చోట నిలబడ్డాను. ఫోనులో మన చుట్టూ కనిపించే నీలం వలయం పెద్దగా ఉంటే దానికి మనం ఎక్కడున్నామో ఇంకా ఖాయంగా తెలియదన్నమాట. చెట్టు కింద నుంచి పక్కకు జరిగి, ఆ వలయం చిక్కిపోయేదాకా ఓపిక పట్టి, అప్పుడు గుచ్చాను. తిరిగి వస్తూ పెద్ద రోడ్డు మీద, లోపలికి తిరగవలసిన మలుపులో ఇంకొకటి గుచ్చాను. ఈ రెండోది లేకపోతే మ్యాపు, నాలుగు నిమిషాలు కలిసివస్తుందని, ఏ చెరువు గట్టు మీదుగానో అడ్డదారి చూపిస్తుంది. మొదట మలుపుకు రమ్మని, అక్కడి నుంచి గేటుకు రమ్మని చెబితే దానికి అంత తెలివి చూపించే అవకాశం ఉండదు.

శుభలేఖ అచ్చువేసేవారికి గేటు అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, అంకెలు మరీ పొడుగ్గా ఉన్నాయి, అందం చెడుతోందని దశాంశ బిందువు తరువాత రెండేసి అంకెలు ఉంచి మిగతావి తీసేశారు. ఐదు అంకెలుంటే చోటు మీటరు తేడాతో తెలుస్తుంది. రెండే ఉంటే తేడా కిలోమీటరు దాకా రావచ్చు. ఆ వరసను మొత్తంగా తీసేయించాను.

ఇక కొండగుర్తులు. బావగారు రాసిన చిత్తులో 'పెద్ద చింతచెట్టు దగ్గర ఎడమకు' అని ఉంది. ఆ రోడ్డులో చింతచెట్లు లెక్కపెట్టాను. పదకొండు. అన్నీ పెద్దవే. 'ద్రాక్ష తోట ఎదురుగా' అన్నారు. ఆ చుట్టుపక్కల ద్రాక్ష తోట లేని ఊరు ఉంటే అది గుర్తవుతుంది. టీ కొట్టు తెల్లవారుజామున మూసి ఉంటుంది. ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ బాగా కనిపిస్తుంది గాని, పెళ్ళినాటికి ఇంకో నాయకుడు పుడతాడు. చీకట్లో కనిపించేదీ, నలభై రోజుల్లో కదలనిదీ, ఆ రోడ్డులో ఒక్కటే ఉన్నదీ కావాలి. మంచినీళ్ళ ట్యాంకు, బడి గోడ మిగిలాయి. ట్యాంకు పైన దీపం ఉంది. బడి గోడకు తెల్లసున్నం ఉంది, కారు వెలుగు పడగానే మెరుస్తుంది.

ఇంతలో మరో చిక్కు. బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళకు ముందు ట్యాంకు, తరువాత మలుపు, ఆ తరువాత బడి వస్తాయి, అన్నీ ఎడమ పక్కనే. హిందూపురం వాళ్ళు గౌరిబిదనూరు మీదుగా ఎదురు దిక్కు నుంచి వస్తారు. వాళ్ళకు బడి ముందు, ట్యాంకు చివర, అంతా కుడి పక్కన. మేము రాసిన 'ఎడమకు తిరగండి' పాటిస్తే హిందూపురం పెద్దలు ఎవరి పొలంలోనో దిగుతారు. అందుకని రెండు పత్రాలు రాశాను. అనంతపురం వాళ్ళ కోసం మొదటి వాక్యం ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది, ఎందుకంటే జాతీయ రహదారి మీద వాళ్ళకు చిక్కబళ్ళాపురం తనంతట తానే ఎదురొస్తుంది. బళ్ళాపురం అని విన్న చెవికి ముందున్నది చిన్నదా పెద్దదా అన్న పట్టింపు ఉండదు.

బెంగుళూరు పత్రం ఇలా తేలింది:

'ఇది దొడ్డబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం కాదు. గ్రూపులో ఇంతకుముందు వచ్చిన పిన్నులు చెల్లవు. ఊరు దాటాక కుడివైపు చివరి పెట్రోలు బంకు దగ్గర బండి మీటరు చూసుకోండి. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లకు ఎడమ పక్కన దీపమున్న నీళ్ళ ట్యాంకు వస్తుంది. ట్యాంకు దాటిన రెండు వందల మీటర్లకు ఎడమకు తిరగండి. తెల్లగోడ బడి కనిపించిందంటే మలుపు దాటిపోయారు, వెనక్కి రండి. మలుపు నుంచి గేటుకు కిలోమీటరున్నర. అక్కడ ఇంటర్నెట్ అందదు, కాబట్టి గేటు పిన్ను ఊళ్ళో ఉండగానే తెరిచి పెట్టుకోండి. ఎవరినైనా అడిగితే "బలక్కె" అంటారు. కన్నడంలో అది కుడివైపు, బలంగా అని కాదు.'

కింద నా ఫోను నంబరు వేశాను. హిందూపురం పత్రంలో ఎడమలు కుడులు చేసి, ట్యాంకుకూ బడికీ ఉద్యోగాలు మార్చాను. రాతలో ఇంత క్లుప్తత నేను జీవితంలో సాధించలేదు. బావగారు రెండు పత్రాలూ చదివి, చాలా బాగున్నాయని, రెండింటినీ అందరికీ పంపారు.

పెళ్ళినాడు ఏడు కార్లు తప్పిపోయాయి. అందులో మూడు చిక్కబళ్ళాపురం చూసి వచ్చాయి. రెండు మలుపు దగ్గర ఎడమా కుడీ రెండూ ప్రయత్నించాయి. ఒకటి రావిచెట్టు కట్ట దగ్గర ఆశీర్వాదం తీసుకుంది. చివరిది వెనక గోడ దగ్గరికి చేరింది, అందులో పెళ్ళికొడుకు బాబాయిగారున్నారు. ఆయన గ్రూపులో వెతికితే నా మూడో పిన్నే ముందు దొరికిందట. దాన్ని అందరి ఫోన్లలోంచి తీసేసే గడువు అప్పటికి నెల రోజుల కిందటే దాటిపోయింది. గోడ మీదుగా అక్షింతలు వేయవచ్చా అని ఆయన ఫోనులో పురోహితుణ్ణి అడిగారు. పురోహితుడు కాసేపు ఆలోచించడం నేను కళ్ళారా చూశాను.

పెళ్ళయి నాలుగు నెలలైంది. తోట చూసుకునే అతనికి నా పత్రాలు నచ్చాయట. పేర్లు మార్చి ఆ తరువాతి పెళ్ళిళ్ళ వాళ్ళందరికీ ఇస్తున్నాడు. నంబరు మార్చడం మరిచిపోయాడు. మొన్న శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. "అన్నయ్యగారూ, చీకట్లో ఆగిపోయామండీ, పెళ్ళికూతురు మా బండిలోనే ఉంది" అంది ఒక ఆడగొంతు. ఎవరి పెళ్ళికూతురని నేను అడగలేదు. లేచి దీపం వేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, "అమ్మా, మీరు బెంగుళూరు నుంచా, హిందూపురం నుంచా?" అని అడిగాను.