ఆంజనేయుడి బీటు

విజయవాడలో బందరు కాలవ అనేది ఒకటుందని మా హెడ్డాఫీసుకు ఇంకా అధికారికంగా సమాచారం అందలేదు. అందుకే కొట్టుకొట్టుకూ తిరిగి బిస్కెట్లు అమ్మే మా కుర్రాడి బుధవారం బీటులో, అంటే ఆ రోజు తిరగాల్సిన కొట్ల వరసలో, లబ్బీపేట, కృష్ణలంక ఒకే జాబితాలో చేరాయి. పటంలో రెండూ ఆనుకునే ఉన్నాయి మరి! మధ్యలో కాలవ, ఆ పక్కనే హైవే ఉన్నాయని, అవతలి కొట్టుకు పోవాలంటే వంతెన దాకా బండి తిప్పుకోవాలని అతను విన్నవించుకున్నాడు. "యాప్‌లో దూరం తక్కువే చూపిస్తోందే?" అని జవాబొచ్చింది. యాప్‌ను తప్పు పట్టలేం. ఆంజనేయస్వామికి అంతే దూరం. పెట్రోలు అలవెన్సు కూడా మిగులుతుంది.

ఇక ప్రణాళికలోని సామ్యవాదం గురించి చెప్పాలి. కొట్లు 240, పని దినాలు ఆరు, కాబట్టి రోజుకు 40. భాగహారం వచ్చినవాడెవడూ దీన్ని కాదనలేడు. మెయిన్ రోడ్డు మీద వారానికి నాలుగైదు అట్టపెట్టెలు దించుకునే కిరాణా కొట్టుకూ, స్కూలు గేటు పక్కన రెండు డబ్బాలు పెట్టుకున్న బడ్డీ కొట్టుకూ వారానికి ఒక్కటే దర్శనం. పెద్ద కొట్టులో మన సరుకు శనివారానికల్లా ఖాళీ. మళ్లీ మనవాడు వచ్చేది బుధవారం. ఆ నాలుగు రోజులు మన అరలో పోటీ కంపెనీ ప్యాకెట్లు కాపురం పెడతాయి. బడ్డీ కొట్టాయన మాత్రం పోయినవారం తీసుకున్న డజను ప్యాకెట్లలో ఏడు చూపించి, "ఇవి పోనియ్యి తమ్ముడూ" అంటాడు.

డిస్ట్రిబ్యూటరు దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారు బిల్లు పుస్తకం వెనక అట్ట మీద ఒక తిరుగుబాటు లెక్క వేశారు. పెద్ద కొట్లు 40, వారానికి రెండుసార్లు, అదీ సోమ గురువారాల్లాగా మధ్యలో ఎడం ఉండేట్టు: 80 విజిట్లు. మధ్యరకం 120, వారానికోసారి: 120. బడ్డీ కొట్లు 80, వారం విడిచి వారం, అదే సందులో పెద్ద కొట్టుకు వెళ్లే రోజునే: వారానికి 40. మొత్తం కలిపితే మళ్లీ 240! మనిషి పెరగలేదు, రోజు పెరగలేదు. హెడ్డాఫీసు ఈ లెక్కను కూలంకషంగా పరిశీలించి, యాప్‌లో ఆ గడి లేదు కాబట్టి తిరస్కరించింది.

దూరం తర్వాత వచ్చేది వేళ. తెల్లారగానే పాల ప్యాకెట్ల రద్దీలో కొట్టాయన తల ఎత్తడు. మధ్యాహ్నం భోజనానికెళ్లి ఒక కునుకు తీస్తాడు. గల్లాపెట్టె తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. పాత బిల్లు వసూలు కాకపోతే కొత్త బిల్లు కొట్టకూడదని కంపెనీ రూలు. అత్యంత పొట్టి దారి మనవాణ్ని సరిగ్గా రెండు గంటలకు ఆ కొట్టు ముందు దింపుతుంది. కౌంటర్లో ఉన్న కుర్రాడు "మామయ్య లేడు, రేపు రా" అంటాడు. దయ్యాలు రాకుండా గోడల మీద రాసే మాటే ఇది. సేల్స్‌మేన్ మీద కూడా బాగానే పనిచేస్తుంది. కొట్టాయన ఉండే వేళను బట్టి వరస మార్చుకుందామంటే 'రూటు ఉల్లంఘన' అని ఎర్రగీత పడుతుంది.

దాంతో మనవాడు తెలివి మీరాడు. కొట్టుకు యాభై మీటర్ల లోపుంటేనే విజిట్ నమోదవుతుంది కదా! నాలుగు సందుల కూడలిలో టీ బండి దగ్గర నిలబడి, పన్నెండు కొట్లకు పదకొండు నిమిషాల్లో హాజరు వేశాడు. పన్నెండింటా ఆర్డరు సున్నా. వరుసగా నిమిషానికో విజిట్ పడిందంటే అది టీ బండి అని టైము చూస్తేనే తెలుస్తుంది. హెడ్డాఫీసు మాత్రం వందశాతం కవరేజీ అని అభినందన మెసేజ్ పంపింది. నెలాఖరు మూడు రోజుల్లో వన్‌టౌన్ హోల్‌సేలరు గోడౌన్‌లో అరువు మీద సరుకు కుమ్మరించి టార్గెట్ కూడా పూర్తి చేశారు. వచ్చే నెల మొదటి రెండు వారాలు ఆర్డర్లు ఎందుకు లేవో అప్పుడు ఆశ్చర్యపోతారు.

చివరికి ఏరియా మేనేజరు గారే జాయింట్ వర్కింగ్‌కు వచ్చి బండి వెనక కూర్చున్నారు. కొట్టుకు ఎనిమిది నిమిషాలనుకున్నా, 40 కొట్లకు మాటలకే ఐదు గంటల ఇరవై నిమిషాలని, రోడ్డు లెక్క వేరని ఆయనకు పదకొండో కొట్టు దగ్గర మోకాళ్లు చెప్పాయి. మధ్యాహ్నం ఆటో ఎక్కి హోటలుకు వెళ్లిపోయారు. రిపోర్టులో మాత్రం 'ఫీల్డులో సమయపాలన లోపం' అని రాసి, వచ్చే నెల నుంచి రోజుకు 45 కొట్లు సిఫారసు చేశారు.

ఆయన ఆటో బిల్లు మాత్రం గుమాస్తా గారు ఫోటో తీసి దాచుకున్నారు. ఎక్కువ ఛార్జీకి కారణం అన్న చోట స్వదస్తూరీతో ఇలా ఉంది: 'మధ్యలో కాలవ ఉన్నందున చుట్టి రావలసి వచ్చింది.'