పీసుకు ఎక్కువ మిగిలేదే ముందా?

“మెషీన్ గంటలు చాలకపోతే పీసు మీద ఎక్కువ మిగిలే సరుకే ముందు చేయండి. ఫిక్స్‌డ్ ఖర్చుల వాటా కూడా తీసేసి చూస్తే లెక్క ఇంకా కచ్చితం. ఇంకా ఆర్డర్లు మిగిలితే, మీ బెస్ట్ సరుకు గంటకు ఎంత సంపాదిస్తుందో అంతవరకూ ఓవర్‌టైమ్‌కి అదనంగా కట్టొచ్చు.”

ఈ సలహాలో మొదటి మాటను ఒక నెల లెక్కతో తేల్చేయొచ్చు. మెషీన్ ఒకటే, నెలకు 400 గంటలు. సరుకులు మూడు. పెద్దదాని కాంట్రిబ్యూషన్, అంటే అమ్మకం ధరలోంచి పీసుతో పాటు పెరిగే ఖర్చులు తీసేస్తే మిగిలేది, 400 రూపాయలు. కానీ అది 4 గంటలు తింటుంది. మధ్యదానికి 240 మిగులుతుంది, గంటన్నర పడుతుంది. చిన్నదానికి మిగిలేది 90, పట్టేది అరగంటే. ఆర్డర్లు వరసగా 60, 100, 200. అన్నీ చేయాలంటే 490 గంటలు కావాలి, కాబట్టి కొరత నిజమే.

పై సలహా ప్రకారం పెద్దవి 60, మధ్యవి 100 చేస్తే చిన్నవి 20కే టైమ్ ఉంటుంది. మొత్తం 49,800. ఇప్పుడు గంటకు ఎంతో చూడండి: చిన్నది 180, మధ్యది 160, పెద్దది 100. వరస పూర్తిగా తిరగబడింది! ఈ వరసలో చిన్నవి, మధ్యవి అన్నీ పూర్తిచేసి, మిగిలిన 150 గంటల్లో పెద్దవి 37 చేస్తే 56,800 వస్తుంది. అదే మెషీన్, అవే గంటలు, 7,000 తేడా.

ఫిక్స్‌డ్ ఖర్చుల సంగతి చిన్నదే. షెడ్డు అద్దె ఏ సరుకు చేసినా అంతే. దాన్ని పీసులకు పంచితే వరస మారవచ్చేమో గానీ, కట్టే అద్దె మారదు.

అసలు ప్రమాదం ఓవర్‌టైమ్ సలహాలో ఉంది. బెస్ట్ సరుకు ఆర్డర్లు ముందే అయిపోయాయి కదా, అదనపు గంటలో తయారయ్యేది పెద్దదే. మామూలు కూలీ, కరెంటు ఖర్చు కాంట్రిబ్యూషన్‌లో ఎలాగూ తీసేశాం, కాబట్టి ఆ గంట కోసం వాటి మీద ఇంకా ఇవ్వగలిగేది 100 వరకే. 180 దాకా పర్వాలేదనుకుని 130 ఇచ్చారో, ఒక్కో పెద్ద పీసు మీద 120 చేతినుంచి పోతుంది.

గంటకు లెక్క కట్టేవాళ్లు కూడా ఒకచోట బోర్లా పడతారు: సెట్టింగ్ టైమ్, అంటే బ్యాచ్ మొదలుపెట్టే ముందు మెషీన్‌ని సిద్ధం చేసే టైమ్, మర్చిపోతారు. చిన్నవి పదేసి చొప్పున చేస్తూ, ప్రతి బ్యాచ్‌కీ సెట్టింగ్‌కి 5 గంటలు పోతుందనుకోండి. పది పీసుల 900కి పట్టేది 5 గంటలు కాదు, 10. గంటకు 90. మిగతా రెండింటికి సెట్టింగ్ పెద్దగా లేకపోతే, మొదటి స్థానంలో ఉన్నది చివరికి జారిపోతుంది. బ్యాచ్ పెద్దది చేస్తే మళ్లీ పైకి రావచ్చు. ఇక మెషీన్‌తో పాటు ముడిసరుకుకీ కొరత ఉంటే, గంటకు ఎంత అనే ఒక్క వరస సరిపోదు. రెండు పరిమితులనూ కలిపి చూసే లీనియర్ ప్రోగ్రామింగ్ కావాలి.